ఎందుకు? ఎంత? ఏపాటిది?

"మేడమ్, నేను హిస్టరీ ప్రధానంగా డిగ్రీ చదువుతున్నాను. పాఠం బాగానే వచ్చు, నాలుగు పేజీలు ఆగకుండా రాస్తాను. అయినా మార్కులు సగం దగ్గరే ఆగిపోతున్నాయి. పోయినసారి పేపర్ తిరిగి ఇచ్చినప్పుడు మార్జిన్‌లో 'విషయం ఉంది, సమాధానం లేదు' అని రాసి ఉంది. అకౌంట్ ఫర్, అసెస్, ఇవాల్యుయేట్... ఏది అడిగినా నాకు 'దీని గురించి రాయండి' అన్నట్టే వినిపిస్తుంది. డిక్షనరీ చూస్తే అసెస్‌కీ ఇవాల్యుయేట్‌కీ దాదాపు ఒకే అర్థం ఉంది. ప్రశ్న చూడగానే ఏం రాయాలో ఎలా తేల్చుకోవాలి? పరీక్ష దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది." – ఒక విద్యార్థిని

డిక్షనరీని కాసేపు పక్కన పెట్టండి. అది మాటకు అర్థం చెబుతుంది. ప్రశ్నపత్రంలో అదే మాట మీకు ఒక పని పురమాయిస్తుంది. ఒకే బట్టను ఉతకమనొచ్చు, ఆరేయమనొచ్చు, ఇస్త్రీ చేయమనొచ్చు. ఇస్త్రీ చేయమన్నప్పుడు ఎంత శుభ్రంగా ఉతికి తెచ్చినా అడిగిన పని కానట్టే. మీ మార్జిన్‌లో రాసిన ఆ నాలుగు మాటలకు అర్థం అదే. బట్ట మీ చేతిలోనే ఉంది. పని మాత్రం వేరేది జరిగింది.

నేను చాలా ఏళ్లుగా హిస్టరీ పేపర్లు దిద్దుతున్నాను. పిల్లలకు ఈ మాటలు చెప్పాల్సి వచ్చినప్పుడు వాటిని తెలుగులో మూడు చిన్న ప్రశ్నలుగా మార్చి చెబుతాను. అకౌంట్ ఫర్ అంటే 'ఎందుకు'. అసెస్ అంటే 'ఎంత'. ఇవాల్యుయేట్ అంటే 'ఏపాటిది'. ఈ మూడింటికీ మన ఇళ్లలో ఎవరూ ఒకే జవాబు చెప్పరు. 'ఎందుకు ఆలస్యమైంది' అని అడిగితే కారణం చెబుతాం. 'ఎంత ఆలస్యమైంది' అంటే కొలత చెబుతాం. 'ఆలస్యానికి ఆయన చెప్పిన సాకు ఏపాటిది' అంటే ఆ సాకు నిలుస్తుందో లేదో తేలుస్తాం. ఇంగ్లిష్‌లో చదివేసరికి ఆ తేడా మసకబారుతుంది, అంతే.

చేయాల్సిన పని ఇది. పెన్ను కదిపే ముందు మీ సమాధానంలోని చివరి వాక్యాన్ని రఫ్ పేపర్ మీద రాసుకోండి. మొదటి వాక్యం తర్వాత చూసుకోవచ్చు. ప్రశ్నలో ఉన్న ఆ మాట మీ చివరి వాక్యం ఏ ఆకారంలో ఉండాలో నిర్ణయిస్తుంది. ఆ వాక్యం దొరికితే, అక్కడికి చేర్చే పేరాలు ఏవో, పక్కదారి పట్టించేవి ఏవో వాటంతట అవే తెలిసిపోతాయి.

ఇది ఒక్క విషయం మీద చేసి చూపిస్తాను. 1789 ఫ్రెంచ్ విప్లవం తీసుకుందాం, మీరు ఎలాగూ చదివే ఉంటారు. అందులోనూ ఒక్క పాయనే పట్టుకుందాం: రాజు ఖజానా ఖాళీ కావడం.

మన చేతిలో ఉన్న విషయం ఇంత. అమెరికా వలసలు బ్రిటన్ మీద చేసిన యుద్ధంలో ఫ్రాన్స్ 1778 నుంచి పాల్గొంది. ఖర్చు చాలావరకు అప్పులతోనే నడిచింది. 1788 నాటికి రాజ్య ఖర్చులో దాదాపు సగం అప్పుల కిందే పోతోంది. 1786లో ఆర్థికమంత్రి కలోన్ లోటు సంగతి రాజుకు చెప్పి, భూమి ఉన్న అందరి మీదా పన్ను వేద్దామన్నాడు. 1787 ఫిబ్రవరిలో పెద్దమనుషుల సభ పిలిచారు. వాళ్లు ఒప్పుకోలేదు, కలోన్ పదవి పోయింది. తర్వాత వచ్చిన బ్రియెన్‌కు పారిస్ ఉన్నత న్యాయస్థానం అడ్డుపడింది. కొత్త పన్నుకు మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ, అంటే ఎస్టేట్స్ జనరల్, ఆమోదం కావాలంది. ఆ సభ 1614 తర్వాత ఎప్పుడూ కూర్చోలేదు. 1788 ఆగస్టులో ఖజానా చెల్లింపులు ఆగాయి. 1789 మే 5న వెర్సాయ్‌లో ఎస్టేట్స్ జనరల్ మొదలైంది. ఈలోపు 1788 జులైలో వడగళ్లు, పాడైన పంట, గడ్డకట్టించే చలికాలం, పెరిగిన రొట్టె ధర. జూన్ 17న మూడో ఎస్టేట్, అంటే సామాన్యుల వర్గం, తనను తాను జాతీయ సభగా ప్రకటించుకుంది. జులై 14న పారిస్‌లోని బాస్టీల్ జైలుకోట జనం చేతికి చిక్కింది.

ఇదంతా మీకు తెలుసు. ఇక చూడండి, ప్రశ్నలో ఒక్క మాట మారితే ఇదే సరుకుతో చేయాల్సిన పని ఎలా మారుతుందో.

మొదట అకౌంట్ ఫర్. '1789లో ఫ్రాన్స్‌లో విప్లవం రావడానికి అకౌంట్ ఫర్' అన్నారనుకోండి. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ఈ మాటలో 'అకౌంట్' కనబడగానే 'వృత్తాంతం చెప్పమన్నారు' అనుకుంటారు. 'గివ్ యాన్ అకౌంట్ ఆఫ్' అంటే వృత్తాంతం చెప్పడం నిజమే. కానీ చివర 'ఫర్' వచ్చేసరికి అది వేరే మాట అయిపోతుంది. ఇక్కడ జరిగినదాన్ని అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. విప్లవం వచ్చిందా రాలేదా అన్న వాదన లేదు, ఎలా నడిచిందన్న కథా అక్కర్లేదు. వచ్చిందానికి లెక్క అప్పజెప్పమంటున్నారు. ఇంట్లో డబ్బు తక్కువైతే 'దీనికి లెక్క చెప్పు' అంటాం చూడండి, అదే అర్థం. అప్పుడు ఎవరూ 'పొద్దున లేచాను, బజారుకెళ్లాను' అని మొదలుపెట్టరు. దేనివల్ల తక్కువైందో చెబుతారు.

కథలా రాసిన పేరా ఇలా ఉంటుంది: "ఫ్రాన్స్ అమెరికా యుద్ధంలో పాల్గొంది. తర్వాత కలోన్ కొత్త పన్ను ప్రతిపాదించాడు. ఆ తర్వాత పెద్దమనుషుల సభ దాన్ని తిరస్కరించింది. తర్వాత రాజు ఎస్టేట్స్ జనరల్‌ను పిలిచాడు." ఇందులో తప్పు ఒక్కటీ లేదు. తేదీలు కలిపితే ఇంకా బాగుంటుంది. కానీ ఇందులో 'ఎందుకు' ఎక్కడా లేదు. చదివేవాళ్లు తమంతట తాము ఊహించుకోవాలి. పేపర్ దిద్దేవాళ్లు మీ బదులు ఊహించి మార్కులు వేయరు.

అదే సరుకుతో ఇప్పుడిది చూడండి: "యుద్ధఖర్చు అప్పులతో నడిచింది కాబట్టి శాంతి వచ్చాక కూడా వడ్డీ భారం తగ్గలేదు. ఆ భారం తీరాలంటే అప్పటిదాకా చాలా పన్నులు తప్పించుకున్న వర్గాల మీదే పన్ను వేయాలి. వాళ్లు ఒప్పుకోకపోవడంతో రాజుకు ఎస్టేట్స్ జనరల్ పిలవడం తప్పలేదు. ఆ సభను పిలవడమే, ఓటు వర్గానికి ఒకటా మనిషికి ఒకటా అన్న తగాదాను తెచ్చిపెట్టింది. ఆర్థిక సమస్యగా మొదలైంది అధికారం ఎవరిదన్న సమస్యగా మారింది అందుకే." విషయాలు అవే. ప్రతి వాక్యమూ తర్వాతి వాక్యాన్ని తప్పనిసరి చేస్తోంది. ఒక ముక్క పీకేస్తే తర్వాతది నిలబడదు. అకౌంట్ ఫర్‌కు కావాల్సింది ఆ బిగువే.

మీ పాత సమాధానాన్ని సరిచూసుకోవడానికి తేలికైన గుర్తు ఒకటి ఉంది. వాక్యాలను కలిపే మాటల కింద గీత గీయండి. ఎక్కువగా 'తర్వాత', 'అప్పుడు', 'ఆ ఏడాదే' కనిపిస్తే మీరు కథ చెప్పారు. 'కాబట్టి', 'అందువల్ల', 'లేకపోతే', 'దాంతో' కనిపిస్తే లెక్క చెప్పారు. ఇంగ్లిష్‌లో రాస్తున్నా ఈ పరీక్ష పనిచేస్తుంది, అక్కడ 'దెన్', 'నెక్స్ట్' ఎన్ని, 'బికాజ్', 'దేర్‌ఫోర్' ఎన్ని అని చూడండి. కాకపోతే ఒక జాగ్రత్త. ఊరికే 'తర్వాత' కొట్టేసి 'అందువల్ల' పెడితే చాలదు. వడగళ్లవాన వల్ల కలోన్ పదవి పోలేదు. మాట పెట్టాక, ఆ రెండింటి మధ్య నిజంగా లంకె ఉందా అని ఒకసారి అడిగి చూసుకోవాలి.

ఇంకో సంగతి. అకౌంట్ ఫర్ ప్రశ్నలో కారణాలన్నీ ఒకే ఎత్తులో పేర్చకండి. పాతుకుపోయినవి కొన్ని ఉంటాయి, పన్నుల్లోని అసమానత లాంటివి. నిప్పంటించినవి కొన్ని ఉంటాయి, 1788 నాటి పంట నష్టం లాంటివి. 'ఎందుకు వచ్చింది' అన్నదానికి మొదటివి జవాబు చెబుతాయి. 'సరిగ్గా అప్పుడే ఎందుకు' అన్నదానికి రెండోవి చెబుతాయి. ప్రశ్నలో '1789లో' అని ఏడాది ఉందంటే రెండోది కూడా అడిగినట్టే. ఏడాదిని చాలామంది అలంకారం అనుకుని వదిలేస్తారు. చివరి వాక్యం ఇలా ఉండొచ్చు: "అసమానమైన పన్నుల వల్ల రాజ్యం తన అప్పు తాను తీర్చుకోలేకపోయింది, తీర్చుకోవడానికి పిలిచిన సభే కరువు నెలల్లో కూర్చోవడంతో విప్లవం ఆ ఏడాదే వచ్చింది."

ఇప్పుడు అసెస్. 'ఫ్రెంచ్ విప్లవం రావడంలో ఆర్థిక సంక్షోభం పాత్రను అసెస్ చేయండి' అన్నారు. చూపు ఒక్కసారిగా ఇరుకైంది గమనించండి. అన్ని కారణాలనూ అడగడం లేదు. ఒక్కటి మీ ముందు పెట్టి, ఇది ఎంత అంటున్నారు. బరువు తూచమంటే తక్కెడ కావాలి, రెండో పళ్లెంలో పెట్టడానికి ఇంకేదో కావాలి. అందుకే మిగతా కారణాలు ఇక్కడా వస్తాయి, కానీ తూకపు రాళ్లుగా వస్తాయి. వాటికోసం విడివిడిగా పేజీలు ఇస్తే ప్రశ్న చేయి జారినట్టే.

ఇక్కడ నేను పదేపదే చూసే పొరపాటు ఒకటుంది. రెండు పేజీలు ఆర్థిక సంక్షోభం గురించి, ఒక పేజీ సామాజిక కారణాల గురించి, అర పేజీ కొత్త ఆలోచనల గురించి. చివర ఒక వాక్యం: "కాబట్టి ఆర్థిక సంక్షోభం చాలా ముఖ్యమైన పాత్ర పోషించింది, అయితే ఇతర కారణాలూ ముఖ్యమే." ఈ వాక్యాన్ని తీసుకెళ్లి ఏ విప్లవం సమాధానం కింద అతికించినా అతుకుతుంది. అది తూచడం కాదు. 'చాలా', 'ఎంతో', 'కీలకమైన' అన్న మాటలకు పక్కన కొలబద్ద లేకపోతే బరువు లేదు.

కొలబద్ద ఎక్కడినుంచి వస్తుంది? హిస్టరీలో నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది రెండు ప్రశ్నలు. ఈ కారణం ఇంతకు ముందు కూడా ఉందా, ఉంటే అప్పుడు ఏమైంది? ఇదే కారణం ఇంకోచోట ఉందా, ఉంటే అక్కడ ఏమైంది?

మొదటిది వేసి చూద్దాం. ఫ్రాన్స్ రాజ్యం డబ్బుల్లేక చేతులెత్తేయడం 1788లోనే మొదలు కాదు. 1770లో, అంటే లూయీ 15 కాలంలో, ఆర్థికమంత్రి టెర్రే అప్పుల్లో కొంత భాగాన్ని ఎగ్గొట్టాడు. గోల జరిగింది, అప్పిచ్చినవాళ్లు మొత్తుకున్నారు. కానీ విప్లవం రాలేదు. ఖాళీ ఖజానా ఒక్కటే విప్లవాన్ని తెచ్చేదైతే 1770లోనే రావాలి. రెండోది వేద్దాం. 1780లలో బ్రిటన్ అప్పు, ఆ దేశ సంపదతో పోల్చుకుంటే, ఫ్రాన్స్ అప్పు కంటే ఎక్కువే. అయినా బ్రిటన్‌కు తక్కువ వడ్డీకే అప్పు పుట్టేది, ఎందుకంటే పన్నులు పార్లమెంటు ఆమోదంతో క్రమంగా వసూలయ్యేవి, చెల్లింపులు నమ్మకంగా జరిగేవి. అంటే ముంచింది అప్పు ఎంత ఉందన్నది కాదు, దాన్ని తీర్చే దారి రాజకీయంగా మూసుకుపోవడం.

ఇప్పుడు బరువు తెలుస్తోంది కదా. ఆర్థిక సంక్షోభం రాజు చేతులు కట్టేసింది, ఎస్టేట్స్ జనరల్‌ను రప్పించింది. ఆ తలుపు తెరిచింది అదే. కానీ 1789 వేసవిలో పల్లెల్లో రైతులు జమీందారుల హక్కుపత్రాలు తగలబెట్టడాన్ని ఖజానా లోటు వివరించలేదు. దానికి జమీందారీ బాకీలు, ఆకలి, భయం కావాలి. చివరి వాక్యం ఇలా తయారవుతుంది: "విప్లవం ఎప్పుడు మొదలవ్వాలో ఆర్థిక సంక్షోభం నిర్ణయించింది, అది ఎంత దూరం పోవాలో మాత్రం నిర్ణయించలేదు." ఇందులో 'చాలా ముఖ్యం' అన్న మాట లేదు. అయినా ఎంత ముఖ్యమో తేలిపోయింది.

మీరు ఈ తీర్పుతో ఏకీభవించక్కర్లేదు. ఆర్థిక సంక్షోభమే అన్నిటికంటే బరువైనదని వాదించినా పూర్తి మార్కులు రావొచ్చు, 1770 సంగతినీ బ్రిటన్ సంగతినీ ఎదుర్కొని వాదిస్తే. అసెస్‌లో మార్కులు మీరు ఏ పక్కన నిలబడ్డారన్నదానికి ఉండవు, అక్కడికి ఎలా చేరారన్నదానికి ఉంటాయి. తీర్పును చివరి పేరాకు దాచిపెట్టుకోవద్దు కూడా. ప్రతి పేరా చివర తక్కెడ ఎటు మొగ్గిందో ఒక ముక్క చెబుతూ పోతే, చివరి వాక్యం వచ్చేసరికి చదివేవాళ్లు దానికోసం సిద్ధంగా ఉంటారు.

ఇక ఇవాల్యుయేట్. నిజం చెప్పాలంటే, హిస్టరీ వ్యాసాల్లో అసెస్‌కీ దీనికీ మధ్య గోడ చాలా పలచన. మీకు డిక్షనరీలో ఒకేలా కనిపించడం మీ తప్పు కాదు. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ వాళ్ల సిలబస్‌లలో అసెస్ అంటే సమాచారం ఆధారంగా తీర్పు చెప్పడం, ఇవాల్యుయేట్ అంటే నాణ్యతనో ప్రాముఖ్యాన్నో విలువనో నిర్ణయించడం లేదా లెక్కకట్టడం. ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బకలారియట్ వాళ్లు, ఇవాల్యుయేట్ అంటే బలాలనూ పరిమితులనూ తూచి విలువకట్టడం అంటారు. ఒక్కో బోర్డు గీత ఒక్కోచోట గీస్తుంది. కాబట్టి మీ కోర్సు వాళ్లు ఇచ్చిన గ్లాసరీ ఉంటే నా మాటకంటే దానికే విలువివ్వండి.

అయితే నాకు ఎక్కువగా పనికొచ్చే గుర్తు ఆ మాటలో ఉండదు, దాని పక్కన ఉంటుంది. దేన్ని ఇవాల్యుయేట్ చేయమన్నారు? పాత్ర, ప్రభావం, ప్రాముఖ్యం లాంటి మాట ఉంటే కొలవాలి. అభిప్రాయం, వాదన, పద్ధతి, పథకం లాంటిది ఉంటే దాన్ని పరీక్షకు పెట్టాలి. 'ఫ్రెంచ్ విప్లవానికి మూలం ఖజానా దివాలాయే అన్న అభిప్రాయాన్ని ఇవాల్యుయేట్ చేయండి' అన్నప్పుడు మీ ముందున్నది ఒక మనిషి అనగలిగే మాట. ఆ మాట ఏపాటిది? ఎంత దూరం నిలుస్తుంది, ఎక్కడ విరుగుతుంది?

అప్పుడు మొదటి పని ఆ మాటను విప్పి చూడటం. 'మూలం' అంటే ఏమిటి? అది లేకపోతే విప్లవం వచ్చేదే కాదు అనా, మిగతా కారణాలన్నీ దాన్నుంచే పుట్టాయనా? మొదటి అర్థంలో ఆ అభిప్రాయం గట్టిగానే నిలుస్తుంది. డబ్బు అవసరం లేని రాజు 175 ఏళ్లుగా పిలవని సభను పిలిచేవాడని నమ్మడం కష్టం. రెండో అర్థంలో అది నిలవదు. పన్ను మినహాయింపులు ఖజానా ఖాళీ అయ్యాక పుట్టినవి కావు. నిజానికి ఖజానా ఖాళీ కావడంలో వాటికీ చెయ్యుంది. అంటే ఆ అభిప్రాయం ఫలితాన్ని కారణంగా చూపిస్తోంది. ఇంతకుముందు వాడిన 1770, బ్రిటన్ సంగతులు ఇక్కడా పనికొస్తాయి, కానీ ఈసారి కారణాన్ని తూచడానికి కాదు, ఆ వాక్యాన్ని నిలదీయడానికి. చివరి వాక్యం: "విప్లవానికి తక్షణ అవసరం ఎక్కడిదో ఈ అభిప్రాయం సరిగ్గా పట్టుకుంది, కానీ 'మూలం' అన్న మాటకు అది తగదు, ఎందుకంటే దివాలాకే మూలం వేరే ఉంది."

సైన్స్ చదివే మీ స్నేహితులు ఎవరైనా ఇదే అడిగితే వాళ్లకూ ఒక మాట. వాళ్ల పేపర్లలో 'ఈ పద్ధతిని ఇవాల్యుయేట్ చేయండి' అని వస్తుంది. చాలామంది 'మానవ తప్పిదం జరగొచ్చు, పరికరం మెరుగైనది వాడాలి' అని రాసి ఊరుకుంటారు. ఒక మీటరు పొడవున్న లోలకం ఒకసారి ఊగి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూఇటూ అయిందనుకోండి. ఒక్క ఊపును కొలిస్తే తప్పు 10 శాతం. 20 ఊపులను కలిపి 40 సెకన్లు కొలిస్తే అదే 0.2 సెకను 0.5 శాతానికి దిగుతుంది. గురుత్వ త్వరణం లెక్కలో ఈ కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి జవాబులో ఆ తప్పు దాదాపు రెట్టింపవుతుంది, అంటే 20 శాతానికీ 1 శాతానికీ ఉన్నంత తేడా. ఇలా రాస్తే లోపం ఉందని చెప్పడంతో ఆగకుండా, ఆ లోపం ఫలితాన్ని ఎంత చెడగొడుతుందో, ఆ పద్ధతిని నమ్మొచ్చో లేదో తేల్చినట్టు అవుతుంది. లెక్కల పేపర్‌లో మాత్రం ఇవాల్యుయేట్ అంటే విలువ కనుక్కోమనడమే. అక్కడ అభిప్రాయం అక్కర్లేదు.

మళ్లీ మీ పేపర్ దగ్గరికి వద్దాం. నలభై నిమిషాల ప్రశ్న అయితే మొదటి మూడు నాలుగు నిమిషాలు దీనికి ఇవ్వండి. ప్రశ్నలో ఆజ్ఞ ఇచ్చే మాట చుట్టూ గుండ్రంగా గీయండి. అది దేని మీద పనిచేస్తోందో దాని కింద గీత. ఏడాది, చోటు, 'మూలం' లాంటి బరువైన మాట ఏదైనా ఉంటే దాని కింద ఇంకో గీత. తర్వాత చివరి వాక్యం రఫ్‌గా రాయండి. ఇది రాయలేకపోతున్నారంటే మీకు విషయం తెలియదని అర్థం కాదు, మీరింకా తీర్పుకు రాలేదని అర్థం. అప్పుడు ఇంకో నిమిషం ఆలోచించడమే మేలు. తీర్పు లేకుండా మొదలుపెట్టిన పేజీ దాదాపు ఎప్పుడూ కథగా మారిపోతుంది.

రాయడం అయ్యాక ఒక పరీక్ష. ప్రశ్నలో ఆ మాటను చేత్తో మూసి, దాని చోట 'డిస్క్రైబ్' అని ఊహించుకోండి. మీ సమాధానం దానికీ అంతే చక్కగా సరిపోతోందా? సరిపోతే మీరు అడిగిన పని చేయలేదు. పేపర్ దిద్దుతూ నేను చేసేది కూడా ఇంచుమించు ఇదే. సమాధానం మాత్రమే చదివి, ప్రశ్న ఏమై ఉంటుందా అని అనుకుంటాను. నాకు తోచిన ప్రశ్నా ముద్రించిన ప్రశ్నా ఒకటైతే ఆ విద్యార్థికి పైస్థాయి మార్కులు వేయడానికి నాకు సంకోచం ఉండదు.

ఒక్కోసారి రెండు పనులు ఒకే ప్రశ్నలో ఉంటాయి, 'విప్లవం రావడానికి అకౌంట్ ఫర్, అందులో ఆర్థిక సంక్షోభం పాత్రను అసెస్ చేయండి' అన్నట్టు. రెండో సగానికి సమయం మిగలక, మార్కులు అక్కడ పోతాయి. మార్కులు విడివిడిగా చూపించి ఉంటే ఆ లెక్కన సమయం పంచుకోండి. చూపించకపోతే కారణాలను వివరించేటప్పుడే ఆర్థిక కారణాన్ని మధ్యలో పెట్టుకుని మిగతావాటిని దానితో ముడివేస్తూ పోండి. అప్పుడు తూచడానికి వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

పరీక్షలోగా మీ దగ్గరున్న పాత ప్రశ్నపత్రాలు తీసి పది ప్రశ్నలకు చివరి వాక్యం మాత్రమే రాయండి. పూర్తి సమాధానాలు వద్దు. గంట సరిపోతుంది. వాటిలో అకౌంట్ ఫర్ ప్రశ్నకు రాసిన వాక్యంలో 'వల్ల' లేకపోయినా, అసెస్ ప్రశ్నకు రాసినదాంట్లో ఏదైనా ఇంకోదానితో పోలిక లేకపోయినా, ఇవాల్యుయేట్ ప్రశ్నకు రాసినదాంట్లో 'ఇంతవరకు నిలుస్తుంది' అన్న గీత లేకపోయినా, ఆ వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాయండి. మార్జిన్‌లో ఆ మాట రాసి ఇచ్చిన పేపర్ మీ దగ్గరే ఉంటే, మొదట దానితోనే మొదలుపెట్టండి.